తటస్థం మధ్యలో పెట్టిన బార్ చార్ట్: కుడి కొస చెప్పేది ఏమిటి?

ప్రశ్న: మా ఆసుపత్రి ఓపీకి వచ్చిన 240 మందితో సంతృప్తి సర్వే చేశాం. జవాబులు ఐదు: అస్సలు ఒప్పుకోను, ఒప్పుకోను, చెప్పలేను, ఒప్పుకుంటాను, పూర్తిగా ఒప్పుకుంటాను. అదే వరుసలో శాతాలు ఇవీ:

డాక్టర్ నా మాట ఓపిగ్గా విన్నారు: 5, 5, 10, 45, 35
ఓపీ చీటీ త్వరగా దొరికింది: 15, 20, 10, 40, 15
ఫార్మసీలో మందులు ఎలా వాడాలో చెప్పారు: 5, 10, 40, 30, 15
మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి: 20, 30, 15, 25, 10

తటస్థం మధ్యలో ఉండి రెండు వైపులా సాగే బార్లు వేయమన్నారు మా మేడం. ఎక్సెల్‌లో ఎడమవైపు వాటికి మైనస్ అంకెలు ఇచ్చి గీశాను. ఓపీ చీటీ కంటే ఫార్మసీ బార్ కుడికి ఎక్కువ వెళ్లింది. కానీ ఒప్పుకున్నవాళ్లు ఫార్మసీకే తక్కువ కదా! లెక్క తప్పానా? లెజెండ్‌లో ‘చెప్పలేను’ రెండుసార్లు వస్తోంది, అది ఎలా పోతుంది? ఇంకో మాట, వేరే ప్రశ్నకు 60 మంది మందులు బయట కొన్నామని రాశారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

సమాధానం:

లెక్క తప్పలేదండి. ఈ చార్ట్‌లో బార్ కుడి కొస ఒప్పుకున్నవాళ్ల శాతాన్ని చూపదు. ఆ శాతానికి తటస్థంలో సగం కలిపితే వచ్చే అంకెను చూపుతుంది. ఓపీ చీటీకి 40, 15 కలిపి 55. తటస్థం 10లో సగం 5 కలిపితే 60. ఫార్మసీకి 30, 15 కలిపి 45. అక్కడ తటస్థం 40 కాబట్టి సగం 20 వచ్చి చేరి 65 అయింది. మీకు కనిపించిన ఆ అయిదు పాయింట్ల ముందడుగు తటస్థం వేయించిందే.

అలాగని చార్ట్ అబద్ధం చెబుతోందనుకోకండి. ఐదు జవాబుల మొత్తం వంద కాబట్టి ఇందులో ఒక చిన్న లెక్క దాగి ఉంది. ఒప్పుకున్నవాళ్లలోంచి ఒప్పుకోనివాళ్లను తీసేసి, మిగిలినదాన్ని సగం చేసి, దానికి 50 కలిపి చూడండి. సరిగ్గా కుడి కొస వస్తుంది. ఓపీ చీటీకి 55లోంచి 35 పోతే 20, సగం 10, అంటే 60. ఫార్మసీకి 45లోంచి 15 పోతే 30, సగం 15, అంటే 65. కాబట్టి కుడి కొసలను పోల్చినప్పుడు మనం పోలుస్తున్నది మొగ్గును. ఎంతమంది ఔనన్నారన్నది కాదు, ఔను కాదుల మధ్య తేడా ఎంతన్నది. ఫార్మసీ గురించి ఫిర్యాదు ఉన్నవాళ్లు 15 శాతమే, చీటీ గురించి 35 శాతం. ఆ లెక్కన ఫార్మసీ వైపు మొగ్గు ఎక్కువే. మీరు చార్ట్‌ను అడిగిన ప్రశ్న ఒకటి, అది జవాబిచ్చిన ప్రశ్న ఇంకొకటి, అంతే.

తటస్థాన్ని చెరి సగం చేయడం వెనక ఉద్దేశం కూడా ఇదే. ఆ జవాబు ఎటూ కాదు కాబట్టి దాని బరువు ఏ వైపూ పడకుండా సున్నా గీత దాని నడుమ నుంచి వెళ్లాలి. 2014లో హైబర్గర్, రాబిన్స్ ఈ చార్ట్ మీద రాసిన వ్యాసంలో పద్ధతి ఇదే, చాలామంది అక్కడి నుంచే దీన్ని తీసుకున్నారు. (ఈ స్కేలును 1932లో పరిచయం చేసినాయన పేరు లికర్ట్. మీటింగుల్లో అందరూ ‘లైకర్ట్’ అంటారు, దిద్దబోతే మనమే వింతగా కనిపిస్తాం.)

అయితే దీనికి మనం చెల్లించే మూల్యం ఒకటుంది. ‘ఒప్పుకుంటాను’ ముక్క ఒక్కో వరుసలో ఒక్కో చోట మొదలవుతుంది. ఓపీ చీటీలో సున్నా నుంచి 5 దాటాక, ఫార్మసీలో 20 దాటాక. ఒకే గీత మీద మొదలైన బార్ల పొడవులను కన్ను ఇట్టే పోలుస్తుంది. వేర్వేరు చోట్ల మొదలైన ముక్కల దగ్గర తడబడుతుంది. తటస్థం అన్ని వరుసల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటే ఈ తడబాటు తెలియదు. మీ డేటాలో మిగతా మూడు వరుసలకూ 10, 10, 15 ఉంటే ఫార్మసీకి ఒక్కసారిగా 40 ఉంది. ఇలాంటి వరుస కనపడగానే గీయడం ఆపి, ఆ 40 శాతం ఎవరో చూడాలి.

మీ చివరి ప్రశ్నకు సంబంధం ఇక్కడే ఉంది. మీ ఫారంలో మధ్య జవాబు ‘చెప్పలేను’. తెలుగులో ఆ మాటకు రెండు అర్థాలు పలుకుతాయి. ‘బాగుందనీ అనలేను, బాగోలేదనీ అనలేను’ అన్నది ఒకటి. ‘నాకు తెలియదు, నేను అటు వెళ్లనే లేదు’ అన్నది రెండోది. మందుల చీటీ పట్టుకుని వీధి చివర మెడికల్ షాపుకు వెళ్లిన మనిషి మీ ఫార్మసీ గురించి ఏం చెబుతాడు? చెప్పలేను అనే టిక్కు పెడతాడు. అతని జవాబు నిజాయితీగానే ఉంది. దాన్ని తటస్థంగా లెక్కేసింది మన ఫారం.

240లో 40 శాతం అంటే 96 మంది. బయట కొన్నామన్నవాళ్లు 60 మంది. ముందు రెండు కాలమ్‌లనూ పక్కపక్కన పెట్టి ఈ 60 మంది ఫార్మసీ ప్రశ్నకు ఏం టిక్కు పెట్టారో లెక్కించండి. కంటితో వద్దు, COUNTIFS వాడండి:

```
=COUNTIFS(Data!H:H,"బయట",Data!E:E,3)
```

H కాలమ్‌లో మందులు ఎక్కడ కొన్నారన్నది, E కాలమ్‌లో ఫార్మసీ వాక్యానికి 1 నుంచి 5 వరకు కోడు ఉన్నాయనుకున్నాను. మీ ఫైలుకు తగ్గట్టు మార్చుకోండి. ఆ 60 మందీ మధ్య జవాబే ఇచ్చి ఉంటే వాళ్లు తటస్థులు కారు, ఆ వాక్యం వాళ్లకు వర్తించదు. వాళ్లను ఈ ఒక్క వరుస నుంచి తీసేయాలి. అప్పుడు ఫార్మసీకి జవాబిచ్చినవాళ్లు 180 మంది. అసలు తటస్థులు 36, అంటే 20 శాతం. ఒప్పుకున్నవాళ్లు 108, అంటే 60 శాతం. ఒప్పుకోనివాళ్లు 36, అంటే 20 శాతం. కుడి కొస 70కి చేరుతుంది. ఇప్పుడు ఫార్మసీ, ఒప్పుకున్నవాళ్ల లెక్కలో చూసినా, మొగ్గు లెక్కలో చూసినా, ఓపీ చీటీ కంటే ముందే ఉంది. మిమ్మల్ని కంగారు పెట్టిన తిరకాసు అసలు చార్ట్‌దే కాదు.

ఒకవేళ ఆ 60 మందిలో కొందరు ‘ఒప్పుకుంటాను’ అని కూడా పెట్టి ఉంటే? బయట కొన్నా ముందు ఇక్కడి కౌంటర్‌లో అడిగి ఉండొచ్చు, లేదా మొహమాటానికి ఔననీ ఉండొచ్చు. అప్పుడు మీ మేడంతో కూర్చుని ఒక నియమం పెట్టుకోండి: బయట కొన్నవాళ్లు ఏ జవాబిచ్చినా ఈ వరుసలో లెక్కించం, లేదా అందరినీ లెక్కిస్తాం. మధ్య జవాబువాళ్లను మాత్రమే తీసేసి ఔనన్నవాళ్లను ఉంచుకోవడం కుదరదు, అది మనకు అనుకూలంగా లెక్క దిద్దుకోవడం అవుతుంది. బయట కొన్నవాళ్లను తీసేస్తే ఆ వరుస పక్కన ‘జవాబిచ్చినవారు 180’ అని వేయండి. మిగతా వాటికి 240. ఆ అంకె లేకపోతే చదివేవాళ్లు అన్ని బార్లూ ఒకే జనానివి అనుకుంటారు.

వచ్చేసారి ఫారంలో మధ్య జవాబును ‘అటూ ఇటూ కాదు’ అని మార్చండి. ‘వర్తించదు’ అన్న ఆరో గడిని ఐదింటికి కాస్త ఎడంగా పెట్టండి. దాన్ని స్కేలులోకి గానీ చార్ట్‌లోకి గానీ తీసుకురావద్దు.

ఇప్పుడు ఎక్సెల్ సంగతి. మైనస్ పద్ధతిలో తటస్థాన్ని రెండు సిరీస్‌లుగా చీల్చాలి, ఎడమ సగం మైనస్, కుడి సగం ప్లస్. మీ లెజెండ్‌లో రెండుసార్లు రావడానికి కారణం అదే. ఆ రెండోదాన్ని క్లిక్ చేసి తీసేయొచ్చు, కానీ బాధ అక్కడితో పోదు. మైనస్ సిరీస్‌లు సున్నా నుంచి బయటికి పేరుకుంటాయి కాబట్టి ‘ఒప్పుకోను’ ముందు, ‘అస్సలు ఒప్పుకోను’ తర్వాత ఇవ్వాలి. దాంతో లెజెండ్ వరుస బార్ వరుసకు పొంతన లేకుండా పోతుంది. అంకెలు చూపితే తటస్థం 10 కాస్తా 5, 5గా విడిపోయి కనిపిస్తుంది. నేను ఒక ఆసుపత్రి కమిటీ ముందు ఇలాంటి చార్టే పెడితే ఒక పెద్దాయన ‘ఈ మధ్యలో అయిదు శాతమేగా’ అని దాటేశారు. ఇంకొకాయన కింది అక్షం మీద 40 దగ్గర ఆగిన ఎడమ కొసను చూసి, నలభై శాతం అసంతృప్తి అని నోట్‌బుక్‌లో రాసుకున్నారు. అసలు అసంతృప్తి 35. తప్పు వాళ్లది కాదు, అక్షం మీద అంకెలు ఉంచిన నాది.

అప్పటి నుంచి నేను కనబడని బార్ పద్ధతే వాడుతున్నాను. ఎడమ చివర రంగు లేని ఒక బార్ పెట్టి, దాంతో మిగతా బార్‌ను తగినంత కుడికి నెడతాం. తటస్థం చీలిపోదు, ఒకే సిరీస్‌గా ఉంటుంది. మైనస్‌ల గొడవ ఉండదు.

సున్నా గీత ఎక్కడ రావాలో ముందు నిర్ణయించుకోండి. అన్ని వరుసల్లోకీ ఎడమకు ఎక్కువ సాగేది మరుగుదొడ్లది: 20, 30, దానికి 15లో సగం, మొత్తం 57.5. అంతకంటే కొంచెం ఎక్కువగా 60 తీసుకుందాం. షీట్‌లో B నుంచి F వరకు ఐదు శాతాలు 15% లా శాతం రూపంలో ఉంటే, A పేరుకూ B శాతాలకూ మధ్య ఒక కొత్త కాలమ్ చేర్చండి. అప్పుడు శాతాలు C నుంచి G వరకు జరుగుతాయి. B1లో ‘ఖాళీ’ అని పేరు పెట్టి, కొత్త B2లో ఇది రాసి కిందికి లాగండి:

```
=0.6-(C2+D2+E2/2)
```

డాక్టర్ వరుసకు 0.45, ఓపీ చీటీకి 0.20, మరుగుదొడ్లకు 0.025 రావాలి. సరిచేసిన ఫార్మసీకి 0.30 వస్తుంది. ఏ వరుసకైనా మైనస్ వచ్చిందంటే 0.6 చాలలేదని అర్థం, పెంచండి.

మొత్తం పట్టికను ఎంచుకుని Insert నుంచి Stacked Bar తీసుకోండి. 100% Stacked Bar వద్దు. అది కనబడని బార్‌ను కూడా వందలో కలిపేసుకుని అన్నీ సాగదీస్తుంది, సున్నా గీత వరుస వరుసకూ జరిగిపోతుంది. చార్ట్ రాగానే లెజెండ్‌లో జవాబులకు బదులు వాక్యాలు కనిపిస్తే Switch Row/Column నొక్కండి. తర్వాత మొదటి సిరీస్‌కు No Fill ఇచ్చి, లెజెండ్‌లోంచి దాని పేరు తీసేయండి. Gap Width 40% దగ్గర పెట్టండి. వాక్యాలు తలకిందుల వరుసలో వస్తాయి, ఎక్సెల్‌కు అదో అలవాటు. నిలువు అక్షం మీద Categories in reverse order టిక్ చేస్తే సరిపోతుంది.

సున్నా గీతకు ఒక చిట్కా. అడ్డ అక్షానికి Minimum 0, Maximum 1.5, Major unit 0.6 ఇవ్వండి. అప్పుడు నిలువు గ్రిడ్ గీత సరిగ్గా 0.6 దగ్గర, అంటే మన సున్నా మీద పడుతుంది. ఇంకోటి 1.2 దగ్గర వస్తుంది, అది కుడివైపు 60. ఈ గీతలు బార్ల వెనక ఉంటాయి కాబట్టి ఖాళీల్లోనే కనిపిస్తాయి, ఆ మాత్రం చాలు. అక్షం Label Position ను None చేసేయండి. అక్కడి 0.6, 1.2 అంకెలకు చదివేవాళ్ల దగ్గర అర్థం లేదు.

గీత తటస్థం ముక్కల నడుమ నుంచి పోతోందో లేదో ప్రతి వరుసలోనూ చూడండి. ఒక్క వరుసలో పక్కకు జరిగినా ఆ వరుస ఫార్ములా తప్పిందన్నమాట.

అక్షం తీసేశాం కాబట్టి అంకెలు ముక్కల మీదే ఉండాలి. 5 కంటే తక్కువ ఉన్న ముక్కలకు అంకె ఇరుకవుతుంది, వదిలేయండి. అంతకంటే ముఖ్యం, ఎడమ చివర ‘ఒప్పుకోనివారు’ మొత్తం, కుడి చివర ‘ఒప్పుకున్నవారు’ మొత్తం విడిగా రాయండి: డాక్టర్‌కు 10, 80. ఓపీ చీటీకి 35, 55. ఫార్మసీకి 20, 60. మరుగుదొడ్లకు 50, 35. మొగ్గు బార్ చెబుతుంది, తల లెక్క అంకె చెబుతుంది. ఒకదాన్ని ఇంకోటిగా చదివే ప్రమాదం అక్కడికి పోతుంది.

వరుసలను కుడి కొస ప్రకారం పైనుంచి కిందికి పేర్చండి: డాక్టర్ 85, ఫార్మసీ 70, ఓపీ చీటీ 60, మరుగుదొడ్లు 42.5. ఫారంలో ప్రశ్నలు వచ్చిన వరుస రిపోర్టు చదివేవాళ్లకు అక్కర్లేదు. మీరెప్పుడైనా R వాడితే HH ప్యాకేజీలోని likert() ఇదంతా చేస్తుంది. positive.order=TRUE ఇస్తే కుడికి ఎక్కువ సాగిన వరుసను పైకి తెస్తుంది. నాలుగు వాక్యాలకు దాన్ని నేర్చుకోనక్కర్లేదు. ముప్పై వాక్యాలు, ఆరు విభాగాలు అయితే ఎక్సెల్‌తో తంటాలు పడకండి.

రంగుల్లో ఎరుపు ఆకుపచ్చ జంట వద్దు. ఆ రెండూ ఒకేలా కనిపించేవాళ్లు మీటింగులో ఒక్కరైనా ఉంటారు. ముదురు ఎరుపు CA0020, లేత ఎరుపు F4A582, లేత నీలం 92C5DE, ముదురు నీలం 0571B0, నడుమ తటస్థానికి బూడిద రంగు D9D9D9. తటస్థానికి మరీ లేత రంగు ఇస్తే తెల్ల కాగితం మీద బార్ మధ్యలో తెగినట్టు కనిపిస్తుంది. జిరాక్స్ తీస్తే ముదురు ఎరుపూ ముదురు నీలమూ ఇంచుమించు ఒకటే నలుపవుతాయి. ఎడమ చివర, కుడి చివర అంకెలు రాయమన్నది అందుకు కూడా.

ఇంత సరిచేశాక మీ తటస్థాలు 10, 20, 10, 15 అవుతాయి. ఈ మాత్రం తేడాకు మధ్యలో పెట్టడం బాగానే ఉంటుంది, మేడం చెప్పినట్టే చేయండి. మరో సర్వేలో ‘వర్తించదు’ తీసేశాక కూడా ఒక వరుసకు 10, ఇంకో వరుసకు 40 తటస్థం మిగిలితే మాత్రం నేనైతే మధ్యలో పెట్టను. ఒప్పుకోనివాళ్లు ఎడమకు, ఒప్పుకున్నవాళ్లు కుడికి సున్నా నుంచే మొదలయ్యేలా గీసి, తటస్థాన్ని చార్ట్ కుడి పక్కన బూడిద రంగు బార్లుగా విడిగా, దాని సొంత గీత మీద పెడతాను. అప్పుడు మూడూ సరిగా పోల్చుకోవచ్చు. పోయేది ఏమిటంటే, బార్ మొత్తం ఒక ముద్దగా అటో ఇటో వాలినట్టు కనిపించే ఆ ఒక్క చూపు. మేడం అడిగింది ఆ చూపు కోసమే అయితే ముందే ఆమెకు చెప్పి చేయండి.

మీరు నాలుగు వాక్యాలే ఇచ్చారు. ఫారంలో ఇంకా ఉన్నవాటిలో ‘చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది’ లాంటిది ఏదైనా ఉందేమో చూడండి. అక్కడ ఒప్పుకోవడమే ఫిర్యాదు, బార్ కుడికి సాగితే చెడ్డ. దాన్ని అలాగే మిగతా వాటి మధ్య పెడితే అందరూ పొరబడతారు. ఆ వరుస శాతాలను తిప్పి రాసి, వాక్యం పక్కన చుక్క గుర్తు పెట్టి, చార్ట్ కింద ‘ఈ వాక్యానికి జవాబులు తిప్పి చూపాం’ అని ఒక ముక్క వేయండి. వాక్యాన్ని మాత్రం మార్చకండి, జనం జవాబిచ్చింది ఆ మాటలకే.